పదిహేను మిల్లీలీటర్లు దేనితో కొలవాలి? స్టాక్ బాటిల్ నుంచి పల్చటి ద్రావణం దాకా

స్టాక్ బాటిల్ మీద 0.500 మోలార్ కాపర్ సల్ఫేట్ అని రాసి ఉంది. కలరీమీటర్ ప్రయోగానికి మనకు 0.0300 మోలార్ ద్రావణం 220 మి.లీ. కావాలి. సూత్రం అందరికీ వచ్చినదే: C1V1 = C2V2. లెక్క వేస్తే 13.2 మి.లీ. స్టాక్ తీసుకుని, నీళ్లతో 220 మి.లీ.కి పెంచాలని తేలుతుంది.

లెక్కలో తప్పు లేదు. కానీ ఆ జవాబు పట్టుకుని ల్యాబ్ బల్ల దగ్గరికి వెళ్తే చేతికి సరైన గాజు సామాను ఒక్కటీ దొరకదు. 13.2 మి.లీ. పిపెట్ ఏ అలమరలోనూ ఉండదు, 220 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కూ ఉండదు. అప్పుడు చాలామంది 25 మి.లీ. కొలజాడీ తీసి, 13 గీత దాటాక కాస్త పైకి స్టాక్ పోసి, దాన్ని 250 మి.లీ. కొలజాడీలో ఒంపి, 220 గీత దాకా నీళ్లు పోసేస్తారు. మామూలు రకం 25 మి.లీ. కొలజాడీలో అర మిల్లీలీటరు అటూ ఇటూ రావచ్చు. 13.2లో అది దాదాపు 4 శాతం. పెద్ద కొలజాడీ ఇంకో శాతం దాకా కలుపుతుంది. ద్రావణం నీలంగా, నిండుగా, ఏ లోపమూ లేనట్టే కనిపిస్తుంది. అసలు గాఢత మాత్రం 0.0286, 0.0314ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. లేబుల్ మీద 0.0300 అని రాసినా ఆ చివరి రెండు సున్నాలకు ఆధారం ఏమీ లేదు.

అందుకే ఈ పనిని తలకిందులుగా మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ముందు సూత్రం, తర్వాత గాజు సామాను కాదు. ముందు అలమరలో ఏమున్నాయో చూసి, వాటికి సరిపోయే ఘనపరిమాణం ఎంచుకుని, ఆ తర్వాత లెక్క వేయాలి.

కావలసింది 220 అయితే 250 చేయాలి

స్టాండర్డ్ ఫ్లాస్కులు 50, 100, 250, 500, 1000 మి.లీ. సైజుల్లో సాధారణంగా ఉంటాయి. ఒక గీత పిపెట్లు 5, 10, 20, 25, 50 సైజుల్లో దొరుకుతాయి. మనకు కావలసిన 220కి పైన ఉన్న మొదటి ఫ్లాస్క్ 250. మిగిలే 30 మి.లీ. వృథా అని బాధపడాల్సిన పని లేదు. ద్రావణం పోసే బాటిల్‌ను, కలరీమీటర్ గొట్టాలను ముందుగా అదే ద్రావణంతో తొలిచి పారబోయాలి, ఆ కొంచెం అక్కడ ఖర్చవుతుంది. కచ్చితంగా 220 మాత్రమే చేసుకుంటే ప్రయోగం చివర్లో చాలకపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. 250 మి.లీ. ద్రావణంలో 0.0300 మోలార్ చొప్పున ఉండాల్సిన కాపర్ సల్ఫేట్ 7.50 మిల్లీమోల్‌లు. స్టాక్‌లో ప్రతి మిల్లీలీటరుకు 0.500 మిల్లీమోల్ ఉంది. కాబట్టి 15.00 మి.లీ. కావాలి. సూత్రం చెప్పేది ఇంతే: బాటిల్‌లోంచి ఎన్ని మోల్‌లు తీశామో ఫ్లాస్క్‌లోనూ అన్నే ఉంటాయి, నీళ్లు పోసినంత మాత్రాన అవి పెరగవు, తరగవు. సూత్రం బట్టీ పట్టినవాళ్లు కూడా V2 దగ్గర ఒక్కోసారి తడబడతారు. V2 అంటే పోయాల్సిన నీళ్లు కాదు, చివరికి తయారయ్యే మొత్తం ద్రావణం. 15 మి.లీ. స్టాక్‌కు 250 మి.లీ. నీళ్లు కొలిచి పోస్తే మొత్తం సుమారు 265 అవుతుంది, గాఢత 0.0283కి పడిపోతుంది. దాదాపు 6 శాతం తేడా. "1:10 చెయ్యి" అని నోటిమాటగా చెప్పినప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది. ఒక పాలు స్టాక్‌కు పది పాళ్లు నీళ్లా, లేక మొత్తం పది పాళ్లా? అడిగి తెలుసుకోవడం మంచిది, లేదా అసలు గాఢతే చెప్పమనాలి.

15 మి.లీ.కి దారులు

15 మి.లీ. పిపెట్ ఉంటే ఆలోచించాల్సిందే లేదు. చాలాచోట్ల ఉండదు. అప్పుడు రెండు మార్గాలున్నాయి: 10 పిపెట్, 5 పిపెట్ ఒకదాని తర్వాత ఒకటి వాడటం, లేదా బ్యూరెట్‌లో స్టాక్ నింపి 15.00 మి.లీ. వదలడం.

మంచి రకం, అంటే గాజు మీద A లేదా AS అని ముద్ర ఉన్న 10 మి.లీ. పిపెట్‌కు అనుమతించిన తేడా సుమారు 0.02 మి.లీ. 5 మి.లీ. పిపెట్‌కు సుమారు 0.01. రెండూ ఒకే దిక్కుకు తప్పినా మొత్తం 0.03 మి.లీ., అంటే 15లో 0.2 శాతం. 50 మి.లీ. బ్యూరెట్‌కు తేడా 0.05 మి.లీ. దాకా ఉంటుంది, పైగా మొదలు ఒకసారి, ముగింపు ఒకసారి చదవాలి. కాబట్టి రెండు పిపెట్లే నయం. అయితే ఇలాంటి ద్రావణాలు వరసగా ఐదారు చేయాల్సి వచ్చి, ఒకదానికి 15, ఇంకోదానికి 18, మరోదానికి 22.5 మి.లీ. కావాలంటే బ్యూరెట్టే హాయి. ఆ కొద్దిపాటి నష్టం కలరీమీటర్ కొలతలో కనిపించదు కూడా.

250 మి.లీ. ఫ్లాస్క్ తేడా సుమారు 0.12 మి.లీ. చూడ్డానికి పిపెట్ తేడా కంటే ఎక్కువే, కానీ 250లో అది 0.05 శాతం మాత్రమే. ద్రావణం కచ్చితత్వాన్ని నిర్ణయించేది ఫ్లాస్క్ కాదు, చిన్న కొలత తీసే పిపెట్. దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది: స్టాక్‌ను కొలజాడీతో కొలిచి, ఆపైన ఖరీదైన స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో గీత దాకా ఎంతో ఓపికగా నింపితే ఆ ఓపికంతా వృథా. తప్పు మొదటి మెట్టులోనే జరిగిపోయింది. ఇక బీకరు గోడ మీది గీతలు సుమారు 5 శాతం తేడాతో ఉంటాయి, 250 బీకరులో అది 12 మి.లీ. పైమాటే. అవి ఎంత పోశామో ఒక అంచనాకు తప్ప కొలతకు పనికిరావు.

పిపెట్, ఫ్లాస్క్ రెండూ కొలత గాజులే అయినా వాటి తీరు వేరు. పిపెట్ గీత బయటికి ఎంత వదులుతుందో చెబుతుంది. దాని మీద TD లేదా Ex అని ఉంటుంది. ఫ్లాస్క్ గీత లోపల ఎంత పడుతుందో చెబుతుంది, దాని మీద TC లేదా In అని ఉంటుంది. అందుకే పిపెట్ కొనలో మిగిలే చివరి చుక్కను ఊది వదలకూడదు. ఆ చుక్క మిగులుతుందని లెక్కలో ముందే తీసేశారు. ఊదితే ఎక్కువ పడుతుంది. అందుకే మరోవైపు, ఫ్లాస్క్‌లో నింపిన 250 మి.లీ.ని ఇంకో పాత్రలోకి ఒంపితే 250 రాదు, గోడలకు కొంత అంటుకుని ఉంటుంది. 250 మి.లీ. 'కొలిచి పోయడానికి' ఫ్లాస్క్ వాడకూడదు.

బల్ల దగ్గర

స్టాక్ బాటిల్ సగం ఖాళీ అయ్యి కొన్నాళ్లు ఉంటే మూత కింద, మెడ లోపలి గోడ మీద చిన్న చిన్న నీటి బొట్లు కనిపిస్తాయి. అది ద్రావణంలోంచి ఆవిరై పైన చల్లబడ్డ నీరు. మూత తీయకముందే బాటిల్‌ను నాలుగైదు సార్లు నెమ్మదిగా తిప్పి ఆ నీటిని మళ్లీ కలపాలి. అడుగున నీలం స్ఫటికాలు పేరుకుని ఉంటే ఆ స్టాక్ నమ్మదగింది కాదు, పక్కన పెట్టాలి.

పిపెట్‌ను నేరుగా బాటిల్‌లో ముంచకూడదు. పొడి బీకరులోకి 30 మి.లీ. దాకా ఒంపుకోవాలి. అందులోంచి కొంచెం పిపెట్‌లోకి రబ్బరు బల్బుతో లాగి, అటూ ఇటూ తిప్పి పారబోయాలి. రెండో పిపెట్‌కూ అంతే. పిపెట్ గోడకు నీటి చెమ్మ ఉంటే మనం తీసే స్టాక్ పల్చనవుతుంది. అందుకే దాన్ని స్టాక్‌తోనే తొలుస్తాం. ఫ్లాస్క్ విషయంలో ఇది పూర్తిగా తలకిందులు. దాన్ని నీళ్లతో మాత్రమే కడగాలి, తడిగా ఉన్నా పర్వాలేదు, ఎలాగూ అందులో నీళ్లే పోస్తాం. ఫ్లాస్క్‌ను పొరపాటున స్టాక్‌తో తొలిస్తే మాత్రం లెక్కలో లేని కాపర్ సల్ఫేట్ లోపల ఉండిపోతుంది. ఈ రెండు నియమాలూ కలగాపులగం చేసుకునేవాళ్లు చాలామంది. పాత్రలోకి ఏం వెళ్లబోతుంది, ఆ పాత్ర ఏం కొలుస్తోంది అని అడిగితే జవాబు దానంతటదే దొరుకుతుంది. బీకరులో మిగిలిన స్టాక్‌ను తిరిగి బాటిల్‌లో పోయకూడదు.

పిపెట్‌ను గీత పైదాకా లాగి, బయటి గోడ తుడిచి, గీతను కంటి ఎత్తుకు తెచ్చి, మట్టం వంపు అడుగు గీతను తాకే దాకా నెమ్మదిగా వదలాలి. తర్వాత ఫ్లాస్క్ మెడ లోపలి గోడకు కొన ఆనించి, దానంతటది కారనివ్వాలి. 10, ఆ తర్వాత 5. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ ఫ్లాస్క్ సగం పైన వచ్చేదాకా పోసి, మూత పెట్టకుండానే గుండ్రంగా తిప్పాలి. మొదటే కొంత కలిపేస్తే చివర కలపడం తేలికవుతుంది. మెడలో గీతకు ఒక సెంటీమీటరు కింద ఆగి, ఆపైన డ్రాపర్‌తో చుక్కచుక్కగా నింపాలి. కన్ను గీతకు పైన ఉంటే ఒక తప్పు, కింద ఉంటే ఇంకో తప్పు. గీత చుట్టూ వలయంలా ఉంటుంది కదా, ముందు భాగం, వెనక భాగం ఒకే గీతలా కలిసిపోయి కనిపిస్తే కన్ను సరైన ఎత్తులో ఉన్నట్టు.

ఇక్కడ ఆగి ఫ్లాస్క్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే చాలా నేర్చుకోవచ్చు. మెడలో నీళ్లు దాదాపు రంగు లేకుండా ఉంటాయి, కింది బుడ్డిలో నీలం చిక్కగా ఉంటుంది. ఇంకా ద్రావణం తయారు కాలేదు! ఈ దశలో పైనుంచి కొంత తీసుకుంటే కొలిచేది దాదాపు వట్టి నీళ్లనే. మూత గట్టిగా బిగించి, బొటనవేలు ఆనించి, తలకిందులు చేసి, గాలి బుడగ బుడ్డి పైకి పూర్తిగా చేరాక మళ్లీ నిలబెట్టాలి. ఇలా పదిసార్లకు తగ్గకుండా చేయాలి. మొదటి రెండు మూడు సార్లకు మెడలో నీలం తీగలు తీగలుగా జారుతూ కనిపిస్తాయి. ఆ తీగలు మాయమయ్యి, మెడ నుంచి బుడ్డి దాకా ఒకే రంగు ఉన్నప్పుడే పని అయినట్టు. రంగులేని ద్రావణాల్లో ఇది కంటికి కనబడదు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకు కాపర్ సల్ఫేట్‌తోనే ఈ పని మొదలుపెట్టించడం నాకు ఇష్టం.

కలిపాక మట్టం గీతకు కొద్దిగా కిందికి దిగినట్టు కనిపిస్తే టెన్షన్ పడనక్కర్లేదు. కొంత ద్రావణం మూతకు, మెడ పైభాగానికి అంటుకుంది, అంతే. అక్కడ మళ్లీ నీళ్లు పోయడమే అసలు తప్పు. అలాగే నింపేటప్పుడు గీత దాటిపోతే పైది డ్రాపర్‌తో తీసేసి సరిచేశానని అనుకోకూడదు. తీసిన చుక్కలతో పాటు కొంత కాపర్ సల్ఫేట్ పోతుంది, ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. ఆ ఫ్లాస్క్ పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి.

నీళ్ల వేడి గురించి ఒక్క మాట. ఫ్లాస్క్ మీద 20°C అని రాసి ఉంటుంది. గది 28 డిగ్రీలు ఉందే అని కంగారు వద్దు. స్టాక్, నీళ్లు, గాజు మూడూ ఒకే వేడిలో ఉంటే పిపెట్‌కూ ఫ్లాస్క్‌కూ ఉన్న నిష్పత్తి దాదాపు మారదు, మనకు కావలసింది ఆ నిష్పత్తే. ఇబ్బంది వచ్చేది నీళ్లు ఒక్కటే వేడిగా ఉన్నప్పుడు. డిస్టిలేషన్ నుంచి అప్పుడే పట్టిన 40 డిగ్రీల నీళ్లతో గీత దాకా నింపి, 25 డిగ్రీలకు చల్లారనిస్తే 250 మి.లీ.లో మట్టం ఒక మిల్లీలీటరుకు పైగా దిగుతుంది. అర శాతం తేడా, అంటే పిపెట్లతో పడ్డ జాగ్రత్త అంతా ఒక్కదెబ్బతో పోయినట్టే.

కొలవాల్సింది మరీ చిన్నదైతే

అదే స్టాక్ నుంచి 0.000500 మోలార్ ద్రావణం 250 మి.లీ. కావాలనుకుందాం. సూత్రం 0.25 మి.లీ. తీయమంటుంది. 1 మి.లీ. గీతల పిపెట్‌తో తీయవచ్చు, కానీ దాని తేడా 0.01 మి.లీ. అనుకున్నా 0.25లో అది 4 శాతం. కొనకు వేలాడే చుక్కే సుమారు 0.05 మి.లీ. ఉంటుంది, ఒక్క చుక్క అటూ ఇటూ అయితే 20 శాతం పోయినట్టు.

రెండు మెట్లలో చేస్తే ఈ బాధ లేదు. ముందు 5 మి.లీ. స్టాక్‌ను 100 మి.లీ. ఫ్లాస్క్‌లో గీత దాకా పెంచితే 0.0250 మోలార్. బాగా కలిపాక, దాన్నుంచి 5 మి.లీ. తీసి 250 ఫ్లాస్క్‌లో పెంచితే 0.000500. మొదటి మెట్టులో ఇరవై రెట్లు, రెండో మెట్టులో యాభై రెట్లు, మొత్తం వెయ్యి రెట్లు. నాలుగు గాజు సామాన్ల తేడాలన్నీ ఒకే దిక్కుకు కలిసినా అర శాతానికి కొంచెం అటూ ఇటూగా ఆగుతుంది. మెట్లు పెరిగితే తప్పు పెరుగుతుందనేది నిజమే, కానీ ఇక్కడ ఒక చెడ్డ కొలత బదులు రెండు మంచి కొలతలు వచ్చాయి. నా మటుకు నేను 5 మి.లీ. కంటే తక్కువ తీయాల్సి వస్తే మధ్యలో ఇంకో ఫ్లాస్క్ పెట్టేస్తాను. రెండు మెట్లకు ఒకే పిపెట్ వాడేటప్పుడు మధ్యలో దాన్ని కడిగి, మధ్య ద్రావణంతో తొలవడం మాత్రం మరువకూడదు. లోపల అంటుకుని ఉన్న స్టాక్, ఇప్పుడు తీస్తున్న దానికంటే ఇరవై రెట్లు చిక్కన.

పిపెట్ మీదే అనుమానం వస్తే పరీక్ష తేలిక. 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌ను పిపెట్‌తో మూతున్న చిన్న సీసాలోకి వదిలి బ్యాలెన్స్ మీద తూచాలి. 25 డిగ్రీల దగ్గర సుమారు 9.96 గ్రాములు రావాలి. నాలుగైదు సార్లు చేస్తే చేయి ఎంత నిలకడగా ఉందో కూడా తెలుస్తుంది. ప్రతిసారీ ఒకేలా 9.90 వస్తుంటే తప్పు పిపెట్‌ది, 9.90 నుంచి 10.02 దాకా ఊగుతుంటే తప్పు చేతిది.

స్టాక్ గాఢతే ఖాయం కానప్పుడు

ఇంతదాకా చెప్పిన జాగ్రత్తలన్నీ స్టాక్ గాఢత మూడు అంకెల దాకా తెలుసు అన్న నమ్మకం మీద నిలబడ్డాయి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం బాటిల్ ముందు ఆ నమ్మకం చెల్లదు. లేబుల్ మీద 37 శాతం, సాంద్రత 1.18 అని ఉందనుకోండి. లీటరు బరువు 1180 గ్రాములు, అందులో ఆమ్లం 436.6 గ్రాములు. మోలార్ ద్రవ్యరాశి 36.46తో భాగిస్తే సుమారు 12 మోలార్. 0.1 మోలార్ 250 మి.లీ. కావాలంటే సుమారు 2.1 మి.లీ. చాలు. కానీ మూత తీసిన ప్రతిసారీ పొగలుగా వాయువు పోతూనే ఉంటుంది. కొత్త బాటిల్‌కు 12, ఏడాది వాడిన బాటిల్‌కు ఎంతో చెప్పలేం.

కాబట్టి ఇక్కడ మంచి పిపెట్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్, కళ్లద్దాలతో, 10 మి.లీ. కొలజాడీలో 2 దాటాక కొద్దిగా పైకి తీసుకుని, ముందే 200 మి.లీ. దాకా నీళ్లు పోసి ఉంచిన బీకరులోకి కలుపుతూ వదలాలి. ఎప్పుడైనా నీళ్లలోకి ఆమ్లమే, ఆమ్లంలోకి నీళ్లు కాదు. మిగిలిన నీళ్లు బీకరు గీతను చూసి పోసినా పర్వాలేదు. సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే బీకరు బాగా వేడెక్కుతుంది. దాన్ని ఎప్పుడూ స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో నేరుగా కలపకూడదు, ఫ్లాస్క్ తప్పనిసరైతే బీకరులో కలిపి, గది వేడికి వచ్చాకే అందులోకి మార్చాలి.

ఇలా చేసింది 'సుమారు 0.1' ద్రావణం. దాని అసలు గాఢత తెలిసేది ఆ తర్వాతే. వేడిచేసి ఆరబెట్టిన సోడియం కార్బనేట్‌ను నాలుగు దశాంశాల బ్యాలెన్స్ మీద తూచి, నీటిలో కరిగించి, మిథైల్ ఆరెంజ్ సూచికతో ఈ ఆమ్లాన్ని బ్యూరెట్ నుంచి వదిలి టైట్రేషన్ చేయాలి. దగ్గర దగ్గరగా మూడు రీడింగులు వచ్చి, లెక్క 0.1034 అని తేలిందనుకోండి. దాన్ని నీళ్లు పోసి సరిగ్గా 0.1000కి దించే ప్రయత్నం అనవసరం, దాంతో మళ్లీ కొత్త కొలతలు, కొత్త తప్పులు వస్తాయి. తేదీ వేసి, బాటిల్ మీద 0.1034 అనే రాసి, తర్వాతి లెక్కల్లో ఆ సంఖ్యనే వాడాలి.